తెల్ల హెల్మెట్ వాపసు

రమణబాబు ఆన్‌లైన్ బిల్లులు, ఫారాలు చూసే మా చాయిస్ సెంటర్‌కి మొదట వచ్చింది కంపెనీ గొడవ మీద కాదు, చలాన్లు కట్టడానికి. హెల్మెట్ లేకుండా బండి నడిపినందుకు చౌరస్తా కెమెరా వాడి ఫొటో తీసింది. ఒకసారి కాదు, వరసగా. ఫోన్‌లో వచ్చిన మెసేజీలు చూపించి, "అక్కా, ఇవన్నీ కట్టీసి రసీదు ఇచ్చీ" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. బొగ్గు వాషరీలో తొమ్మిదేళ్ళు సేఫ్టీ సూపర్‌వైజర్‌గా చేసినవాడు. మా రైల్వే కాలనీలో పిల్లలు సైకిల్ తొక్కుతుంటే కూడా ఆపి, తల జాగ్రత్త అని క్లాసు పీకినవాడు. అలాంటివాడు వట్టి తలతో ఊరంతా తిరుగుతున్నాడా?

"నీకేమైనా పిచ్చి పట్టిందా రమణా?" అన్నాను.

నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. కౌంటరు మీద వేళ్ళు పెట్టి, వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు.

వాడి గురించి కొంచెం చెప్పాలి. వాళ్ళ తాత నూకరాజు విజయనగరం వైపు నించి ఇక్కడికి, ఛత్తీస్‌గఢ్‌కి, రైల్వే లోకో షెడ్‌లో ఖలాసీగా వచ్చాడు. తండ్రీ ఆ షెడ్‌లోనే రిటైరయ్యాడు. రమణకి రైల్వే పరీక్ష కలిసిరాలేదు. పాలిటెక్నిక్ చదివి, సేఫ్టీ డిప్లొమా చేసి, ఊరవతల ఒక ప్రైవేటు వాషరీలో చేరాడు. గనిలోంచి వచ్చిన బొగ్గుని కడిగి, రాళ్ళు వేరుచేసి రైలు వ్యాగన్లలోకి పంపే చోటు అది. మా రెండిళ్ళకీ ఒకటే గోడ. వాడు నాకన్నా రెండేళ్ళు చిన్న. తెలుగు చదవడం నేర్పమని వాళ్ళమ్మ నా దగ్గర కూర్చోబెడితే, గుణింతాల దగ్గరే పారిపోయాడు. అందుకే ఇది నేను రాస్తున్నాను. వాడు దీన్ని చదవలేడు, నేనే చదివి వినిపించాలి.

చలాన్లు కట్టిన కొన్నాళ్ళకి మళ్ళీ వచ్చాడు. ఈసారి చేతిలో ఫైలు ఉంది.

"రిజైన్ చేసీసేను అక్కా. నోటీసు పీరియడ్ అంతా చేసేను, ఛార్జి అప్పగించేను, ఆఖరి రోజు కూడా అయిపోయింది. రిలీవింగ్ లెటర్ ఇవ్వట్లేదు. ఏటి అడిగినా ప్రాసెస్‌లో ఉంది అంటన్నారు."

కొర్బాలో ఒక పవర్ ప్లాంటులో ఉద్యోగం ఖాయమైంది. ఆఫర్ లెటర్ చూశాను. పాత కంపెనీ రిలీవింగ్ లెటర్ చూపించకపోతే చేర్చుకోరని స్పష్టంగా రాసి ఉంది. వచ్చే నెల పదిహేను దాకా గడువు. ఈ లోపల ఆఖరి నెల జీతం రాలేదు, మిగిలిన సెలవుల డబ్బు రాలేదు, గ్రాట్యుటీ రాలేదు, పీఎఫ్ సైటులో వాడు ఉద్యోగం మానేసిన తేదీ కూడా ఎక్కించలేదు. కంపెనీ లెక్కలో వాడింకా సగం లోపలే ఉన్నాడు. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి.

"ఫోన్లు చేశావా?"

"రోజూ."

"అదే తప్పు. ఫోన్లో అన్నమాట గాల్లో పోతుంది. మెయిల్ పెట్టు."

ఆఫీసు మెయిల్ ఐడీ మూసేశారు కాబట్టి సొంత ఐడీ నుంచే పెట్టాం. హెచ్ఆర్ మేనేజర్‌కి రాసి, ప్లాంట్ హెడ్‌కి కాపీ పెట్టాం. పైన వాడి ఎంప్లాయీ నంబరు, రిజైన్ చేసిన తేదీ, వాళ్ళు ఒప్పుకున్న తేదీ, ఆఖరి పనిదినం. కింద ఏమేం రావాలో ఒక్కొక్కటి. కోపంగా ఒక్క మాట లేదు, బతిమాలినట్టూ లేదు. తొమ్మిదేళ్ళు అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలు అని కూడా రాశాను, నాకు ఇష్టం లేకపోయినా. ఏడు పనిదినాల్లో జవాబు దయచేయమని ముగించాను. ఇలాంటివి రాయడంలో నా చెయ్యి తిరిగింది. అరిస్తే హెచ్ఆర్ వాళ్ళకి చాలా హాయి, ఆ అరుపునే పట్టుకుని అసలు విషయం పక్కన పెడతారు.

జవాబు మెయిల్లో రాలేదు. ఫోన్ వచ్చింది. రమణ నా షాపులోనే ఉన్నాడు, స్పీకర్ పెట్టమని సైగ చేశాను. అవతల హెచ్ఆర్ ఎగ్జిక్యూటివ్ రాజేంద్ర, హిందీలో తేనె పూసినట్టు మాట్లాడుతున్నాడు.

"రమణ్ జీ, మెయిల్ ఎందుకు పెట్టారు, మనవాళ్ళమే కదా. మీ నో డ్యూస్ ఫారంలో అన్ని డిపార్ట్‌మెంట్ల సంతకాలూ అయ్యాయి. ఒక్క సేఫ్టీ స్టోర్ మిగిలింది. మీ పేరు మీద తెల్ల హెల్మెట్ ఒకటి ఉంది. అదెక్కడ? వాపసు ఎవరికి ఇచ్చారు?"

రమణ మొహంలో రక్తం లేదు. మళ్ళీ గుమ్మం వైపు చూశాడు.

రాజేంద్ర గొంతు తగ్గించాడు. "చూడండి భాయ్, అందరికీ తెలిసిందే. ఆ విషయం కెలక్కండి. 'హెల్మెట్ ఇంటి దగ్గర పోయింది' అని ఒక్క లైను రాసి పంపండి. దాని ఖరీదు సెటిల్మెంట్లో కోసేస్తాం. మర్నాడే లెటర్ మీ చేతిలో ఉంటుంది. అచ్ఛా?"

ఫోన్ పెట్టేశాడు. హెల్మెట్ ఖరీదెంత, ఒక పూట కూలి. పోయిందని రాసి పారెయ్యి అన్నాను, నాకేం తెలుసు. రమణ లేచి వెళ్ళిపోయాడు. ఫైలు కౌంటరు మీదే వదిలేశాడు.

మర్నాడు పొద్దున్న వాళ్ళమ్మ అచ్చియమ్మ గోడ మీంచి పిలిచింది.

"మాధవీ, ఈడు నీతో ఏటైనా సెప్పినాడేటే? అన్నం కాడ కూకుంటే పక్కనెవుడో ఉన్నట్టు జరిగి కూకుంతన్నాడు. నీడతో మాటాడతన్నాడు. ఎవుడ్రా అంటే పలకడు. నిమ్మకాయ తిప్పేసినాను, మిరపకాయలతో దిష్టి తీసేసినాను. ఆ పట్టిందేదో ఆడ్ని ఒగ్గట్లేదు."

"ఏమని మాట్లాడుతున్నాడు పిన్నీ?"

"'నాకు తెల్దు, నాకు తెల్దు' అంతన్నాడు. అంతే."

నాకు భయమేసింది. దెయ్యాల్ని నేను నమ్మను, కానీ రమణని చిన్నప్పట్నించీ చూస్తున్నాను. ఉత్తినే భయపడే రకం కాదు. ఫైలు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. పెరట్లో బండి పక్కన కూర్చుని ఉన్నాడు. బండి అద్దానికి బైకు హెల్మెట్ వేలాడుతోంది, దాని మీద దుమ్ము.

"ఇది తల మీద పెడితే లోపల ఎవరో ఊపిరి పీల్చినట్టు ఉంటది అక్కా," అన్నాడు. తర్వాత చెప్పాడు.

వాషరీలో హెల్మెట్లకి రంగులున్నాయి. స్టాఫ్‌కి తెల్లవి, కాంట్రాక్టు కూలీలకి పసుపువి. బొగ్గు మోసే కన్వేయర్ బెల్టు మీంచి రాలినదాన్ని, కింద గార్డు అనే ఇనప జాలీ లోపలికి దూరి పారలతో తీసేది పసుపు హెల్మెట్లవాళ్ళే. రూలు ప్రకారం వాళ్ళు లోపలికి వెళ్ళేముందు బెల్టు కరెంటు కట్ చేసి, స్విచ్‌కి తాళం వేసి, పర్మిట్ మీద సంతకం పెట్టాలి. రోజుకి పదిసార్లు రాలుతుంది బొగ్గు. ప్రతిసారీ తాళం వేస్తే వ్యాగన్లు నిండవు. అందుకని అక్కడ ఒక అలవాటు పడింది. కంట్రోల్ రూమ్‌లో ఆపరేటరు కెమెరా తెర చూస్తాడు. బెల్టు మొదట్లో పసుపు కనిపిస్తే స్టార్ట్ చెయ్యడు. తెల్లది కనిపిస్తే సూపర్‌వైజరు ఎవరో బయట నిలబడి చూస్తున్నాడనుకుంటాడు. తెల్లవాళ్ళు లోపలికి దూరరు కదా. అందరికీ తెలుసు, ఎక్కడా రాసి లేదు. రమణకీ తెలుసు.

పోయిన శ్రావణంలో ఒక రోజు, ముసురు. రాంప్రసాద్ అనే కూలీ పసుపు హెల్మెట్ పట్టీ తెగిపోయింది, పెంకు చీలిపోయింది. స్టోర్లో పసుపువి లేవు, కొత్తవి కావాలని ఇండెంట్ పెట్టి నెల దాటింది. హెల్మెట్ లేకపోతే వాడిని గేటు దగ్గర్నించే వెనక్కి పంపెయ్యాలి, ఆ రోజు కూలి పోతుంది. రమణ తన తల మీది తెల్ల హెల్మెట్ తీసి రాంప్రసాద్ తల మీద పెట్టాడు. పట్టీ కూడా తనే బిగించాడు.

"ఎంత మురిసిపోయాడో అక్కా. 'సాబ్, ఇప్పుడు నేనూ సాబ్‌నే' అని పక్కవాళ్ళకి చూపించుకున్నాడు. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి అడిగాడు. 'సాబ్, షిఫ్టు ఛుట్టీ అయ్యాక దీన్ని ఎవరికి వాపసు ఇవ్వాలి?' అని. నాకు వేరే ఫోన్ వచ్చింది. చెయ్యి ఊపేను. జవాబు చెప్పలేదు."

రాంప్రసాద్ గార్డు లోపల ఉండగానే బెల్టు కదిలిందట, మనిషి బతకలేదట. సైరన్ మోగిందట, క్రషర్ హోరులో వినపడలేదట. ఆ సాయంత్రం ఆపరేటరు వచ్చి రమణ చేతులు పట్టుకుని ఏడ్చాడట. "తెల్లది చూసి మీరే అనుకున్నాను సార్, మీరైతే గార్డు లోపలికి వెళ్ళరు కదా" అని. ఆ తర్వాత ఆపరేటర్ని కంపెనీ వేరే రాష్ట్రంలో ప్లాంటుకి మార్చేసింది.

"కంపెనీ ఏం రాసింది?"

"తాగి ఉన్నాడు, హెల్మెట్ లేకుండా, పర్మిట్ లేకుండా తనంతట తనే లోపలికి దూరేడు అని. ఆ రోజు నించి హెల్మెట్ ఎవరికీ కనపడలేదు. ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ ఎంక్వైరీ ఇంకా నడస్తంది. నన్ను అడిగితే నేను అక్కడ లేనన్నాను. అది నిజమే. కానీ హెల్మెట్ మాట చెప్పలేదు."

వాడు మెడ తిప్పి ఒకసారి వెనక్కి చూశాడు.

"రోజూ అదే అడుగుతాడు అక్కా. ఎవరికి వాపసు ఇవ్వాలి సాబ్, అని. వెనక నిలబడి అడుగుతాడు. నిన్న రాజేంద్ర కూడా అదే మాట అడిగేసరికి నా గుండె ఆగిపోయింది."

నాకు వాడి మీద జాలి, కోపం రెండూ వచ్చాయి. దిక్కులేని బిడ్డలాగా కూర్చున్నాడు, కానీ ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నది వీడే. "అవతల రాంప్రసాద్ పెళ్ళాం ఉంది కదా, ఆవిడకైనా చెప్పావా?" అన్నాను. తల అడ్డంగా ఊపాడు. "అయితే ముందు అక్కడికి పద. ఆ తర్వాత మెయిల్ ఏం రాయాలో చూద్దాం."

రాంప్రసాద్ ఇల్లు మోప్కాలో. ఒకప్పుడు పల్లెటూరు, ఇప్పుడు సగం పొలాల్లో కొత్త మేడలు లేస్తున్నాయి. ఆ మేడల వెనక మట్టిగోడల ఇళ్ళ వరసలో వాళ్ళది చివరిది. వాడి భార్య ఊర్మిళ గుమ్మంలో బియ్యం ఏరుతోంది. రమణని చూడగానే లేచి నిలబడి, చెంగు తల మీదికి లాక్కుంది. ఆవిడ కళ్ళలో నేను దుఃఖం చూస్తాననుకున్నాను. కనిపించింది భయం.

"కూర్చోండి సాబ్," అని గబగబా లోపలికి వెళ్ళి పాత చీరలో చుట్టిన మూట ఒకటి తెచ్చి రమణ కాళ్ళ దగ్గర పెట్టింది. ఛత్తీస్‌గఢీలో మాట్లాడుతోంది, చేతులు జోడించి. ఆ మాటల సారం ఇది. "దీనికోసమే వచ్చారని తెలుసు. ఆసుపత్రిలో ఆయన బట్టలతో పాటు ఇచ్చారు. తెల్లది, సాబ్‌ల టోపీ. మా ఆయన ఎక్కడో తీసి పెట్టుకున్నాడనుకున్నాను. బయటపెడితే దొంగతనం కూడా అంటగడతారని బియ్యం కుండ వెనక దాచాను. తాగుబోతు అన్నారు, ఊరుకున్నాను. దొంగ అంటే మాత్రం ఊర్లో బతకలేను. తీసుకెళ్ళిపోండి సాబ్, ఎవరికీ చెప్పకండి."

మూట విప్పాడు రమణ. హెల్మెట్ ఒక పక్క నొక్కుకుపోయి ఉంది. లోపలి పట్టీ మీద మార్కరుతో రమణ పేరు, ఎంప్లాయీ నంబరు. మాయమైపోయిందని కంపెనీ అనుకున్నది. అదెక్కడ అని రాజేంద్ర అడిగినది.

నిజం చెప్తాను, ఆ క్షణంలో నా బుర్రలో మెరిసింది వేరే ఆలోచన. దీన్ని తీసుకెళ్ళి స్టోర్లో పడేస్తే నో డ్యూస్ అయిపోతుంది. పదిహేనులోపల లెటర్ వస్తుంది, పిల్లల ఫీజులు కట్టుకుంటాడు. ఆవిడ కూడా అదే కోరుతోంది. అందరికీ మంచిదే కదా, ఒక్క రాంప్రసాద్‌కి తప్ప.

"వాడు దొంగతనం చెయ్యలేదు," అన్నాడు రమణ. "ఇది నాది. నేనే వాడి తల మీద పెట్టాను. తాగి కూడా లేడు. పొద్దున్న నాతోనే టీ తాగేడు."

ఊర్మిళ నేల మీద కూర్చుండిపోయింది. ఏడ్చింది గానీ ఆ ఏడుపులో ఏదో బరువు దిగినట్టుంది. మొగుడి పేరు రెండు మూడుసార్లు అనుకుంది. తర్వాత లేచి, మీరు మంచివాళ్ళు సాబ్ అంటూ పొయ్యి మీద టీ పెట్టింది. పక్కింటావిణ్ణి కేకేసింది, విన్నావా మా ఆయన చోరీ చెయ్యలేదు, సాబే ఇచ్చాడట అని. స్టీలు గ్లాసుల్లో టీ తెచ్చి మాకిచ్చింది.

ఆ టీ రమణ తాగలేకపోయాడు. గ్లాసు కింద పెట్టి చెప్పాడు. పసుపు సంగతి, తెలుపు సంగతి, కెమెరా సంగతి. తల మీద పసుపుదే ఉంటే బెల్టు కదిలేది కాదని, తను పెట్టిన తెలుపే కదిలించిందని. నేను పక్కన కూర్చుని వింటూ, దేవుడా ఇక్కడితో ఆగరా బాబూ అనుకున్నాను. వాడు ఆగలేదు. ఎవరికి వాపసు ఇవ్వాలని అడిగితే తను జవాబు చెప్పకపోవడం కూడా చెప్పాడు.

పక్కింటావిడ గుమ్మంలోనే ఆగిపోయింది.

ఊర్మిళ వాడిని తిట్టలేదు. క్షమించానని కూడా అనలేదు. హెల్మెట్ వాడి చేతుల్లోంచి తీసుకుని, నన్ను ఫొటో తీసుకోనిచ్చి, మళ్ళీ చీరలో చుట్టింది.

"ఇది నా దగ్గర ఉంటుంది. ఇప్పుడు చెప్పిందంతా కాగితం మీద రాయి సాబ్. కంపెనీకే రాయి," అంది.

తిరిగొచ్చేటప్పుడు వాన మొదలైంది. రమణ వట్టి తలతో తడుస్తూ బండి నడిపాడు.

ఆ సాయంత్రం షాపు షట్టర్ సగం దించి మెయిల్ రాశాం. పాత మెయిల్ కిందే జవాబుగా రాశాం, వరస తెగకుండా. వాడు హిందీలో చెప్పాడు, నేను ఇంగ్లీషులో కొట్టాను. తెలుగులో అది ఇలా ఉంటుంది.

"మేనేజర్ గారికి, నమస్కారం. నా రిలీవింగ్ లెటర్, బకాయిల విషయమై ఇంతకుముందు రాసిన మెయిల్‌కి ఇంకా రాతపూర్వకమైన జవాబు అందలేదు. సేఫ్టీ స్టోర్‌లో ఒక తెల్ల హెల్మెట్ వాపసు రాలేదు కాబట్టి లెటర్ ఆగిందని రాజేంద్ర గారు ఫోన్‌లో తెలిపారు. అది ఇంటి దగ్గర పోయిందని రాయమని సూచించారు. క్షమించాలి, అది పోలేదు కాబట్టి అలా రాయలేను.

ఆ హెల్మెట్‌ని ప్రమాదం జరిగిన రోజు పొద్దున్న నేనే స్వర్గీయ రాంప్రసాద్ గారికి ఇచ్చాను. స్టోర్‌లో పసుపు హెల్మెట్లు లేవు. ఆయన హెల్మెట్ ధరించే ఉన్నారు. తాగి లేరు. పర్మిట్, తాళం లేకుండా రంగు చూసి బెల్టు నడిపే అలవాటు ప్లాంటులో ఉందని నాకు తెలుసు. తెలిసీ ఇచ్చాను. ఆ అలవాటుని ఆపించకపోవడం సేఫ్టీ సూపర్‌వైజర్‌గా నా తప్పు. ఎంక్వైరీలో ఈ మాట చెప్పకపోవడం కూడా నా తప్పే. హెల్మెట్ ఇప్పుడు వారి కుటుంబం దగ్గర ఉంది, ఫొటో జతచేశాను. ఎంక్వైరీ అధికారి అడిగితే చూపిస్తారు.

దాని ఖరీదు నా సెటిల్మెంట్లో కోసుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. మిగిలిన బకాయిలు, గ్రాట్యుటీ, రిలీవింగ్ లెటర్ ఆపడానికి ఇది కారణం కాదని సవినయంగా మనవి. గ్రాట్యుటీకి చట్టం ఇచ్చిన ముప్ఫై రోజుల గడువు దగ్గర పడుతోంది. దయచేసి ఏడు పనిదినాల్లో పూర్తిచేయగలరు. ఇట్లు, భవదీయుడు."

ప్లాంట్ హెడ్‌కి కాపీ పెట్టాం. ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకి కూడా పెట్టమన్నాడు. నా వేలు మౌస్ మీద ఆగిపోయింది. "ఒరేయ్, ఇది పంపితే నీ మీదే కేసు పెట్టొచ్చు. కొర్బావాళ్ళకి తెలిస్తే ఉద్యోగం కూడా పోవచ్చు," అన్నాను. వాడు నా చేతిని పక్కకి జరిపి తనే నొక్కాడు.

రాజేంద్ర ఫోన్ల మీద ఫోన్లు. రమణ ఎత్తలేదు, ఏదున్నా మెయిల్ చెయ్యండి అని మెసేజ్ పెట్టాడు. అది నేను నేర్పిందే.

ఆ ఏడు పనిదినాల గడువు ఆఖర్లో మెయిల్ వచ్చింది. కంపెనీ ముద్రతో రిలీవింగ్ లెటర్, అనుభవ పత్రం, ఫుల్ అండ్ ఫైనల్ లెక్క. అన్నీ ఉన్నాయి, జీతం, సెలవులు, గ్రాట్యుటీ. పీఎఫ్ సైటు తెరిచి చూశాను, మానేసిన తేదీ ఎక్కింది. నేను ఎగిరి గంతేశాను. అచ్చియమ్మ పిన్నికి ఫోన్ చెయ్యబోతుంటే, రమణ తెర మీద వేలు పెట్టాడు. నో డ్యూస్ ఫారం స్కాన్ కూడా జతచేశారు. సేఫ్టీ స్టోర్ గడిలో సంతకం, ముద్ర.

"తెల్ల హెల్మెట్ ఒకటి. మంచి స్థితిలో వాపసు అందినది."

రూపాయి కూడా కోయలేదు. లెటర్‌లో వాడి సేవలకి అభినందనలు కూడా రాశారు. రాంప్రసాద్ పేరు ఎక్కడా లేదు. వాడు పంపిన మెయిల్ ప్రస్తావనే లేదు.

నొక్కుకుపోయిన ఆ పెంకు మోప్కాలో, చీరలో ఉంది. మరి స్టోర్‌కి ఎవరు ఇచ్చినట్టు?

"అక్కా," అన్నాడు రమణ చాలా మెల్లగా. "రాంప్రసాద్‌కి జవాబు వీళ్ళు చెప్పేసేరు."

"వదిలెయ్యరా," అన్నాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, నేనే అన్నాను. "నువ్వు రాయాల్సింది రాశావు. ఇన్‌స్పెక్టర్‌కి వెళ్ళింది. లెటర్ చేతికొచ్చింది. రేపు బయల్దేరు."

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఈసారి నన్ను టైపు చెయ్యమనలేదు. వాడికి వచ్చిన ఇంగ్లీషులో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. లెటర్, బకాయిలు అందాయి, కృతజ్ఞతలు. హెల్మెట్ నేను వాపసు ఇవ్వలేదు. ఎవరూ ఇవ్వలేదు. నా ముందు మెయిల్‌లో రాసినదంతా నిజం. దయచేసి ఆ గడి దిద్ది, దిద్దిన ఫారం పంపగలరు. కింద పేరు, నంబరు. పైన అందరికీ కాపీ. పంపేశాడు.

ఆ ఫారం దిద్ది పంపలేదు, ఇప్పటికీ. ఇన్‌స్పెక్టర్ ఆఫీసు నించి మాత్రం రమణకీ ఊర్మిళకీ హాజరు కమ్మని నోటీసులు వచ్చాయి. తారీఖు వచ్చే నెల. కొర్బా కంపెనీవాళ్ళు లెటర్ చూసి చేర్చుకున్నారు. పాత కంపెనీలో వీడి గురించి విచారించడం ఇంకా నడుస్తోందట. ఉంచుతారో తీసేస్తారో తెలియదు.

కొర్బాకి బయల్దేరిన రోజు పొద్దున్న, స్టేషన్‌కి వెళ్తూ షాపు దగ్గర ఆగాడు. సంచిలోంచి మేం పంపిన మెయిల్ కాపీ తీసి, హిందీలోకి మార్చి ప్రింటు ఇవ్వమన్నాడు. ఊర్మిళకి ఇవ్వాల్సిన కాగితం. ఆవిడ అడిగిందట, ఊర్లో నలుగురి ముందూ చదివించుకోవాలని. మోప్కాకి నేనే తీసుకెళ్ళి చదివి రావాలి, వాడికి రైలు టైమయింది.

వాడి తల వైపు చూశాను. ఖాళీగానే ఉంది. కొర్బాలో గేటు దాటాలంటే తెల్లది పెట్టుకోక తప్పదు.

"ఇంకా అడుగుతున్నాడా?" అన్నాను.

"నిన్న అడిగినప్పుడు చెప్పీసేను అక్కా. ఎవరికీ వాపసు ఇవ్వక్కర్లేదు, అది నీదే, అని."

"ఏమన్నాడు?"

"ఏటీ అన్లేదు. పట్టీ బిగించమని గెడ్డం ఎత్తేడు."